ఉన్ని దుప్పటి ముద్దకట్టేది మెషిన్లో కాదు, మేడ మీది ట్యాంకులో

ప్రశ్న: ఉన్ని దుప్పట్లు, రజాయిలు ఇంట్లోనే ఉతికితే ముద్దకట్టకుండా ఉంటాయా? పరిచి ఆరబెట్టాలంటారు, మాకు ఉన్నది చిన్న బాల్కనీ. ఎలా?

ముందు అది నిజంగా ఉన్నేనా చూసుకోండి. మన ఊళ్ళో చలికాలం ఫుట్‌పాత్‌ మీద అమ్మే మెత్తటి పూల దుప్పట్లు చాలావరకు ప్లాస్టిక్ దారంవే. అంచు నుంచి ఒక పోగు లాగి, సింకు దగ్గర నిలబడి అగ్గిపుల్లతో అంటించండి. కాలిన జుట్టు వాసన వచ్చి, వేళ్ళ మధ్య నలిపితే బూడిద అయిందా, ఉన్ని. కరిగి గట్టి పూసలా మిగిలిందా, దాన్ని చల్లటి నీళ్ళతో మెషిన్లో వేసుకోండి, ముద్దకట్టదు. మీకు టెన్షన్ అక్కర్లేదు, నా జవాబూ అక్కర్లేదు.

ఉన్ని అయితే మాత్రం మా కథ వినాలి. మా మామగారు సిమ్లాలో పనిచేసినప్పుడు కొన్న బూడిద రంగు దుప్పటి ఒకటి ఉండేది. సింగిల్ మంచం మీద వేస్తే రెండు పక్కలా జానెడు జానెడు వేలాడేది. ఒక మే నెలలో, ఎండకు గంటలో ఆరిపోతుంది కదా అని, మధ్యాహ్నం రెండింటికి ఉతకడం మొదలుపెట్టాను. మా మేడ మీద నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు. హైదరాబాద్ మే నెలలో ఆ వేళకి కుళాయి తిప్పితే ఏం వస్తుందో మీకు తెలుసు. పనిలో సాయానికి వచ్చే యాదమ్మ చెయ్యి పెట్టి వెనక్కి తీసుకుని, "గీ నీళ్ళల్ల బియ్యం ఉడుకుతయమ్మా" అంది. మురికి బాగా వదులుతుందిలే అన్నాను. మామూలు బట్టల పొడి వేసి, బ్రష్షుతో రుద్ది, తర్వాత సంపులోంచి తోడిన చల్లటి నీళ్ళతో జాడించాం. సాయంత్రానికి ఆరింది. మంచం మీద వేస్తే అంచులు కూడా అందలేదు. పట్టుకుంటే అట్టలా ఉంది. మా అత్తగారు ఒక్క మాట అనలేదు, మడతపెట్టి అటక మీద పెట్టేశారు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మెషిన్లో వేస్తేనే పాడవుతుందని అందరూ దాన్ని తిడతారు. మన ఊళ్ళో అసలు దోషి ట్యాంకు నీళ్ళే అని నా గట్టి అభిప్రాయం. మీ వెంట్రుక ఒకటి తీసుకుని చివర నుంచి కుదురు వైపు వేళ్ళతో జరపండి, గరుగ్గా తగులుతుంది. ఉన్ని పోగు మీద అలాంటి పొలుసులే ఇంకా ఎక్కువగా ఉంటాయి. వేడినీళ్ళలో, సబ్బులో ఆ పొలుసులు లేస్తాయి. అప్పుడు రుద్దితే పోగులు ఒకవైపే జరుగుతూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఇక వదలవు. ఫెల్ట్ బట్ట చేసేవాళ్ళు కావాలని చేసేది ఇదే. మేం తెలియక చేశాం. ఒకసారి బిగిసిందంటే హెయిర్ కండిషనర్లో నానబెట్టి లాగినా కాస్త మెత్తబడుతుంది తప్ప పాత కొలతకు రాదు. నేను రెండుసార్లు ప్రయత్నించాను.

ఇప్పుడు నా దగ్గర ఇంకో ఉన్ని దుప్పటి ఉంది, సుమారు రెండు కిలోలు. ఏడాదికి ఒకసారి, ఫిబ్రవరి ఆఖర్లో, పొద్దున ఏడింటికి ఉతుకుతాను. ట్యాంకు అప్పటికింకా వేడెక్కదు. ముందు టేపుతో పొడవు, వెడల్పు కొలిచి కాగితం మీద రాసుకుంటాను. పెద్ద టబ్బులో దుప్పటి మునిగేన్ని నీళ్ళు పోసి, స్వెటర్లకు వాడే లిక్విడ్ రెండు మూతలు కలిపి, ఆ తర్వాతే దుప్పటిని మడతలు మడతలుగా దింపుతాను. మామూలు పొడి వద్దు. అందులో క్షారం ఎక్కువ, పైగా మరకలు తినే ఎంజైములు ఉంటాయి. ఉన్ని కూడా వెంట్రుకలాగే ప్రోటీన్ కాబట్టి కొన్ని ఎంజైములు దాన్నీ తింటాయి. బ్లీచ్ అసలు ముట్టుకోవద్దు.

అరచేతులతో నొక్కడం, వదలడం, అంతే. పది నిమిషాలు చాలు. రుద్దకూడదు, పిండకూడదు, బండ మీద బాదడం సంగతి చెప్పనే అక్కర్లేదు. మురికి నీళ్ళు తీసేయాలంటే దుప్పటిని ఒక కొస పట్టి ఎత్తకండి, నీళ్ళ బరువుకు ఆ కొస సాగిపోతుంది. టబ్బునే వంచండి. జాడించే నీళ్ళు కూడా ఉతికిన నీళ్ళంత చల్లగానే ఉండాలి. మాది బోరు నీళ్ళు, సబ్బు ఓ పట్టాన వదలదు, అందుకని మూడుసార్లు జాడించి, ఆఖరి నీళ్ళలో అరకప్పు తెల్ల వెనిగర్ పోస్తాను. నడుమ నడుమ దుప్పటి ఒక మూల వెలుతురుకు ఎత్తి చూడండి. నేతలో పోగుల మధ్య సందులు కనిపిస్తున్నంతసేపు భయం లేదు. సందులు పూడుకుపోయి, బట్ట మందంగా తగులుతుంటే వెంటనే ఆపేయండి.

మెషిన్ పూర్తిగా వద్దని కూడా కాదు. నీళ్ళు ఓడ్చిన దుప్పటిని డ్రమ్ములో చుట్టూ సమంగా పరిచి, తక్కువ వేగంలో ఒక్క నిమిషం స్పిన్ మాత్రం పెడతాను. అందులో రుద్దుడు ఉండదు. తర్వాత పొడి బెడ్‌షీట్ పరిచి, దాని మీద దుప్పటి వేసి, చాపలా చుట్టి, మోకాళ్ళతో నొక్కుతాను. బెడ్‌షీట్ తడిసి బరువెక్కుతుంది, మార్చి ఇంకోసారి.

ఆరబెట్టడానికి నవారు మంచాన్ని మించింది లేదు, కింద నుంచి కూడా గాలి తగులుతుంది. మేడ మీద వేద్దామంటే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు తాళం వేసుకుంటారు. బట్టలు కనిపిస్తే బిల్డింగ్ పరువు పోతుందట! సెల్ టవర్ ఉంటే మాత్రం పోదు. అందుకని బాల్కనీలో బట్టల స్టాండు రెక్కలు పూర్తిగా తెరిచి, పాత దోమతెర బిగించి కట్టి, దాని మీద పరుస్తాను. మీ బాల్కనీలో పట్టకపోతే ఫ్యాను కింద హాల్లో వేయండి. తడిగా ఉండగానే కాగితంలో రాసిన కొలత చూసుకుంటూ అంచులు మెల్లగా సర్దాలి. తీగ మీద వేలాడదీస్తే మధ్యలో గీత పడి, రెండు వైపులా సాగుతుంది. ఎర్రటి ఎండలో వద్దు, రంగు వెలుస్తుంది, తెల్ల ఉన్ని పసుపెక్కుతుంది. నాలుగైదు గంటలకోసారి తిప్పుతూ ఉంటే ఆ నెలలో నాకు ఒకటిన్నర రోజు పడుతుంది. వానాకాలం ఈ పనే పెట్టుకోవద్దు, వాసన పట్టేస్తుంది.

రజాయి అడిగారు. లోపల దూది ఉంటే ఇంట్లో నానబెట్టకండి, దూది ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది, నడిమి వరకూ ఆరదు. గలీబు విప్పి ఉతుక్కుని, దూదిని ఎండలో పెట్టండి. ఉండలు కట్టేసిందంటే దూదేకులవాళ్ళ దగ్గర ఏకించాల్సిందే. దగ్గర దగ్గరగా కుట్లున్న పల్చటి రజాయి మాత్రం ఉతకొచ్చు. లోపల ఉన్ని ఉంటే పైన చెప్పినట్టే.

అన్నట్టు, ఇంట్లో గొంగడి ఉంటే దాన్ని ఇలా ముంచకండి. దానికి చింతగింజల గంజి పెడతారు, నీళ్ళలో నానితే ఆ బిగువు పోతుంది. "మా నాయన గొంగడి ఎన్నడు ఉతకలే, ఎండకేసి కట్టెతోని దులుపుతుండె" అంటుంది యాదమ్మ. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

మామగారి దుప్పటి ఏమైందంటే, నాలుగేళ్ళ తర్వాత అటక మీంచి దింపి కత్తెరతో కోశాను. అంత బిగిసిపోయింది కాబట్టి అంచుల్లో ఒక్క పోగు ఊడలేదు. ఇప్పుడు ఇస్త్రీ బల్ల మీద పరిచి ఉంది. మా అత్తగారు చీరలు ఇస్త్రీ చేసుకునేది దాని మీదే.