వీడియోలో "48 గంటల్లో డిస్పాచ్" అన్నాం, సరుకు ఆలస్యమైంది: మాపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది బెంగళూరు చిక్‌పేటలో చీరల హోల్‌సేల్. షాపుల వాళ్ళ కోసం చిన్న వీడియో పెట్టాం. కేటలాగ్ చూపించి "మినిమమ్ 4 సెట్లు, 48 గంటల్లో డిస్పాచ్" అని చెప్పాం. హిందూపురం షాపాయన అది చూసి వాట్సాప్‌లో "అన్నా, 10 సెట్లు కావాలి, శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, మంగళవారానికి నా షాపులో ఉండాలి" అన్నాడు. నేను "సరే అన్నా, వచ్చేస్తుంది" అని పెట్టాను. సెట్‌కు 6 చీరలు, చీర 700. శనివారం సాయంత్రం 42,000 వేశాడు. రెండు సెట్ల స్టాక్ అయిపోయిందని తర్వాత తెలిసింది. వాటికి బదులు వేరే డిజైన్ పెట్టి బుధవారం రాత్రి బుక్ చేశాం. గురువారం సాయంత్రం అందింది. పండగకు కొన్ని అమ్ముకున్నాడు కూడా. సోమవారం ఫోన్ చేసి మిగతావి వెనక్కి తీసుకోవాలి, 42,000 తిరిగివ్వాలి, పైన 30,000 నష్టం కట్టాలి, లేకపోతే కన్స్యూమర్ కోర్టుకు వెళ్తానంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. మళ్ళీ వీడియో తీయాలి, అందులో ఏం మాట్లాడాలో కూడా చెప్పండి.

జవాబు: ముందుగా కన్స్యూమర్ కోర్టు భయం వదిలేయండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) ప్రకారం తిరిగి అమ్మడానికి సరుకు కొన్న వ్యక్తి వినియోగదారుడు కాడు. ఆయన షాపు చిన్నదైనా, దాని మీదే బతుకుతున్నా ఈ విషయంలో తేడా ఉండదు. ఆయన వెళ్ళాల్సింది సివిల్ కోర్టుకు. కాకపోతే మీ వీడియో చూసి ఇంటావిడ ఎవరైనా సొంతానికి ఒక చీర అడిగితే, మీరు అమ్మితే, ఆమె వినియోగదారే. అప్పుడు తప్పుదోవ పట్టించే ప్రకటన అన్న ఆరోపణకు కూడా దారి తెరుచుకుంటుంది. అందుకే "షాపులకు మాత్రమే" అని వీడియోలో చెప్పడం అవసరం, ఆ మాట మీద నిలబడటం ఇంకా అవసరం.

ఇక అసలు సంగతి. కేటలాగ్, రేటు, మినిమమ్ ఆర్డర్ చూపించే వీడియో మామూలుగా చట్టం దృష్టిలో ప్రతిపాదన కాదు, ఆర్డర్లు పెట్టమని పిలవడం మాత్రమే. అదే ప్రతిపాదన అయితే మీ దగ్గర 50 సెట్లే ఉన్నా, వీడియో చూసి "సరే" అన్న వంద షాపులకూ మీరు సరుకు బాకీ పడాల్సి వస్తుంది. చట్టం అలా కట్టిపడేయదు. ఆర్డర్ పెట్టడం ప్రతిపాదన, మీరు ఒప్పుకోవడం అంగీకారం. ఒప్పందం పుట్టేది అక్కడ.

మీ విషయంలో ఒప్పందం పుట్టింది వాట్సాప్‌లో. మిమ్మల్ని కట్టేసింది వీడియోలోని 48 గంటల కన్నా మీరు పెట్టిన "సరే అన్నా, వచ్చేస్తుంది". హోల్‌సేల్ వ్యాపారులు చాలామంది చిక్కుకునేది సరిగ్గా ఇక్కడే. సరుకుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 39 ప్రకారం, కొన్నవాడికి పంపడానికి సరుకును ట్రాన్స్‌పోర్ట్‌కు అప్పగిస్తే, ప్రాథమికంగా కొన్నవాడికి అప్పగించినట్టే. కాబట్టి "డిస్పాచ్" అంటే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ రసీదు, అదే ఎల్‌ఆర్, చేతికి రావడం అని మీరు వాదించవచ్చు. కానీ ఆయన "మంగళవారానికి నా షాపులో" అని రాస్తే మీరు సరే అన్నారు. అంటే చేరే రోజుకే మాట ఇచ్చారు. పండగ పేరు కూడా ఆయన చెప్పాడు కాబట్టి ఈ ఒప్పందంలో గడువు ప్రాణం లాంటిదని కోర్టు అనుకోవడానికి ఆస్కారం ఎక్కువ. పోనీ వీడియో మాటే పట్టుకుందామన్నా, శనివారం సాయంత్రం నుంచి 48 గంటలంటే సోమవారం సాయంత్రం. ఎల్‌ఆర్ బుధవారం రాత్రిది. రెండు లెక్కల్లోనూ ఆలస్యం మీదే. దాన్ని కాదనే జవాబు రాయకండి.

అయితే ఆలస్యం జరిగినంత మాత్రాన ఆయన అడిగినదంతా ఇవ్వాలని కాదు. ఆయన కోరుతున్నదాన్ని మూడు ముక్కలుగా విడదీసి చూడాలి.

మొదటిది వేరే డిజైన్ పెట్టిన 12 చీరలు. ఇక్కడ తప్పు పూర్తిగా మీది. ఒప్పుకున్న సరుకుతో వేరే రకం కలిపి పంపితే, సరైనవి ఉంచుకుని మిగతావి తిరస్కరించే హక్కు అదే సరుకుల విక్రయ చట్టంలోని సెక్షన్ 37 కొన్నవాడికి ఇచ్చింది. మొత్తాన్నీ తిరస్కరించే హక్కు కూడా ఉంది, కానీ ఆయన సరైనవాటిని తీసుకుని అమ్మకం మొదలుపెట్టాడు. గురువారం అందిన సరుకు గురించి సోమవారం చెప్పడం ఆలస్యమని వాదించవచ్చు, కానీ మధ్యలో పండగ ఉంది, ఆ వాదన బలమైనది కాదు. ఆ 12లో అమ్మకుండా ఉన్నవి వెనక్కి తెప్పించుకుని డబ్బు ఇచ్చేయండి. పన్నెండూ ఉంటే 8,400. వాటిని మోసుకొచ్చి మీకు అప్పగించే బాధ్యత ఆయనకు లేదు, తిరస్కరించానని తెలిపితే చాలు. కాబట్టి వెనక్కి వచ్చే పార్సిల్ ఖర్చు మీదే.

రెండోది సరైన డిజైన్ చీరలు, 48. వీటిలో కొన్ని అమ్మాడంటే సొంత సరుకులా వాడుకున్నాడు. సెక్షన్ 42 ప్రకారం అది అంగీకారం. అమ్ముడైనంత అమ్ముకుని, పండగ అయ్యాక మిగిలినవి వాపసు తీసుకోమనడం కుదరదు. ఆ 33,600 తిరిగివ్వాల్సిన పని లేదు.

మూడోది ఆ 30,000. ఇక్కడ భారత ఒప్పందాల చట్టం, 1872లోని సెక్షన్ 55 చివరి భాగం మీకు ఆసరా. గడువు ముఖ్యమైన ఒప్పందంలో సరుకు ఆలస్యంగా వచ్చినా తీసుకున్నవాడు, ఆలస్యం వల్ల కలిగిన నష్టాన్ని తర్వాత అడగలేడు. అడగాలంటే తీసుకునే సమయంలోనే "నష్టపరిహారం అడుగుతాను" అని తెలియజేసి ఉండాలి. అందుకే ఒక పని చేయండి. గురువారం నాటి చాట్ తెరిచి, ఆ రోజు వచ్చిన వాయిస్ మెసేజ్‌లు కూడా ఒక్కొక్కటిగా వినండి. "లేటుగా పంపారు, పండగ బేరం పోయింది, దీనికి మీరే కట్టాలి" లాంటి మాట అందులో ఉంటే మీ స్థితి బలహీనం. గురువారం "అందింది అన్నా" అని మాత్రమే ఉంటే చాలా బలం. ఆ రోజు ఫోన్‌లో మాట్లాడుకున్నారా అన్నది కూడా నిజాయితీగా గుర్తు చేసుకోండి, ఎందుకంటే నోటితో చెప్పినా తెలియజేసినట్టే, రుజువు చేయడమే ఆయనకు కష్టం.

ఒకవేళ ఆయన అలా చెప్పాడనే అనుకుందాం. అప్పుడు కూడా 30,000 ఊరికే రాదు. సెక్షన్ 73 కింద, ఆలస్యం వల్ల సహజంగా కలిగిన నష్టం, లేదా ఒప్పందం చేసుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టం మాత్రమే అడగొచ్చు. వ్రతం సంగతి మీకు ముందే చెప్పాడు కాబట్టి పండగ లాభం పోయిందనడం ఈ రెండోదాని కిందికి రావచ్చు. కానీ ఎన్ని చీరల బేరం పోయింది, చీరకు ఎంత మిగిలేది అన్నది ఆయన బిల్లులతో చూపించాలి. మిగిలిన చీరలు తర్వాత అమ్ముడుపోయేవే కాబట్టి, నష్టం తగ్గించుకోవడానికి ఆయన ఏం చేశాడో కూడా కోర్టు చూస్తుంది.

ఆయన హిందూపురంలో కేసు వేయగలడా అని అడుగుతారు. సరుకు అక్కడికి చేర్చాలన్నది ఒప్పందంలో భాగమైతే వేయగలడు. మీ బిల్లు కింద "బెంగళూరు జ్యూరిస్‌డిక్షన్" అని ఉంటుంది, దాని మీద మరీ ఆధారపడకండి. 1989లో సుప్రీంకోర్టు ముందుకు జరీ దారం కొనుగోలు తగాదా ఒకటి వచ్చింది. అమ్మినవాడు గుజరాత్‌లో, కొన్నవాడు సేలంలో. తగాదాలు గుజరాత్‌లోని కైరా కోర్టుల పరిధికి లోబడి ఉంటాయని ఒప్పందంలో ఉన్నా, "మాత్రమే" లాంటి మాట లేనందున సేలం కోర్టుకు అధికారం పోలేదని తేల్చింది. 2013లో ఆ మాట లేకపోయినా ఉద్దేశం స్పష్టంగా ఉంటే చాలని ఇంకో తీర్పు వచ్చింది. పైగా డబ్బు పడ్డాక పంపిన బిల్లులో అచ్చయిన షరతును ఆయన ఒప్పుకున్నట్టా అన్నది వేరే ప్రశ్న. ఆ మాట ఆర్డర్ ఖరారు చేసే మెసేజ్‌లోనే ఉండాలి.

పాత వీడియో కనిపించకుండా చేయాలంటే పబ్లిక్ నుంచి తీయండి, కానీ అసలు ఫైలు, చాట్ ఉన్న ఫోను భద్రంగా ఉంచండి. కోర్టులో వీటిని చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. స్క్రీన్‌షాట్లు మాత్రమే మిగిలితే దానికే ఇబ్బంది. చాట్ చెరిపేస్తే ఆయన ఫోన్‌లో ఉన్నదే మిగులుతుంది.

ఇక కొత్త వీడియో. ముక్కాలు నిమిషానికి సరిపడేలా మాటలు ఇలా ఉంటే చాలు:

"నమస్తే. చిక్‌పేట నుంచి మాట్లాడుతున్నాం. ఈ వీడియో షాపుల వాళ్ళకు మాత్రమే, సింగిల్ పీస్ ఇవ్వము. ఈ కేటలాగ్‌లో 6 డిజైన్లు, సెట్‌కు 6 చీరలు, సెట్ విడదీయము. కనీస ఆర్డర్ 4 సెట్లు, అంటే 24 చీరలు. కెమెరాలో రంగు కాస్త తేడాగా కనిపించవచ్చు. స్టాక్, రేటు మేము వాట్సాప్‌లో ఖరారు చేశాకే ఆర్డర్ అయినట్టు. ఖరారై, డబ్బు అందిన తర్వాత రెండు పనిదినాల్లో ట్రాన్స్‌పోర్ట్‌లో బుక్ చేసి ఎల్‌ఆర్ ఫొటో పంపుతాం. ఆదివారం, సెలవులు లెక్కలోకి రావు. మీ ఊరు చేరే రోజు ట్రాన్స్‌పోర్ట్‌ను బట్టి ఉంటుంది. పండగకు కావాలంటే డబ్బు వేయకముందే తేదీ చెప్పండి, కుదురుతుందో లేదో చెబుతాం."

ఇందులో నేను ముఖ్యంగా చూసుకున్నది గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది. "48 గంటలు" అన్నప్పుడు ఆర్డర్ మెసేజ్ నుంచా, డబ్బు నుంచా, ఆదివారం కలిపా అన్నది ఎవరికి వారు తమకు అనుకూలంగా లెక్కేసుకుంటారు. ఇంకొకటి, గోడౌన్‌లో చూడకుండా ఖరారు మెసేజ్ పెట్టవద్దు. లేని స్టాక్‌ను ఉందని తెలిసే చెప్పి డబ్బు తీసుకుంటే అది మోసం ఆరోపణ దాకా వెళ్తుంది. మీది అలాంటిది కాదు, కానీ బదులు డిజైన్ పెట్టేముందు ఒక్క ఫొటో పంపి అడిగి ఉంటే 8,400 సమస్య వచ్చేదే కాదు.

ఖరారు మెసేజ్‌లో సెట్ల సంఖ్య, కేటలాగ్ నంబర్, మొత్తం, బుకింగ్ తేదీ, "తగాదాలు బెంగళూరు కోర్టుల్లో మాత్రమే" అన్నవి ఉంచి, అవతలి నుంచి "ఓకే" వచ్చాకే డబ్బు తీసుకోండి. వీడియోలో అన్ని షరతులు చెప్పి, చాట్‌లో మళ్ళీ "వచ్చేస్తుంది అన్నా" అంటే ఈ స్క్రిప్టు వల్ల ఉపయోగం లేదు. చాట్ చూసే మీ కుర్రాళ్ళకు కూడా ఇది చెప్పండి.

హిందూపురం ఆయనకు ఈ వారంలోనే రాతలో ఇలా పంపండి: "బదులు పంపిన డిజైన్‌లో మీ దగ్గర అమ్మకుండా ఉన్న చీరలు మా ఖర్చుతో వెనక్కి తీసుకుని చీరకు 700 చొప్పున తిరిగి ఇస్తాం. మిగతా 48 మీరు స్వీకరించి అమ్మకానికి పెట్టారు కాబట్టి వాటిని వాపసు తీసుకోలేము. ఈ మెసేజ్ వల్ల మీ ఇతర డిమాండ్లను ఒప్పుకున్నట్టు కాదు." ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడండి, నష్టం గురించి లెక్కలు మాత్రం నోటితో ఒప్పుకోకండి. లాయర్ నోటీసు వస్తే అందులోని గడువు లోపల జవాబు వెళ్ళేలా, గురువారం నాటి చాట్ తీసుకుని దగ్గర్లోని వకీలును కలవండి.