పట్టుచీర మీద వడ్డాణం, జాకెట్ మీద వంకీ: కొలత ఎట్లా తీసుకోవాలి?

ప్రశ్న: పెళ్లి వచ్చే నెల. వడ్డాణం, వంకీ చేయిస్తున్నం. షాపాయన నడుము, జబ్బ కొలత పంపమన్నడు. డ్రెస్ మీద టేపు పెట్టి కొలిచి పంపితే సరిపోతదా?

జవాబు:

డ్రెస్ మీద కొలిచి పంపకండి. మా చెల్లె పెళ్లికి మేం సరిగ్గా అదే చేశాం. హన్మకొండలో మా ఇంట్లోనే, చుడిదార్ మీద టేపు చుట్టి 29 అంగుళాలని రాసుకున్నాం. షాపువాళ్లు దానికి వెనక ఒక అంగుళం గొలుసు కలిపి ఇచ్చారు, అంటే మొత్తం 30. పెళ్లిరోజు పట్టుచీర కట్టాక కొండీ కొక్కేనికి అందనే లేదు. టేపు పెట్టి చూస్తే నిలబడినప్పుడు 31న్నర, పీట మీద కూర్చున్నాక 32న్నర. చివరికి మా పెద్దమ్మ జరీ తాడుతో వెనక ముడి వేసింది. జీలకర్ర బెల్లం అయిపోగానే చెల్లె దాన్ని విప్పేసింది, నడుము మీద ఎర్రగా గీత పడింది. ఎనిమిది తులాల వస్తువు అలా పక్కన పెట్టడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అంత తేడా ఎందుకు వచ్చిందో ఆ తర్వాత అర్థమైంది. ఏడు కుచ్చిళ్లు పెడితే ముందు వైపు 14 పొరల పట్టు ఉంటుంది. లోపలికి దోపిన చోట ఆ పొరలు మడత పడి ఇంకా మందమవుతాయి. వాటి కింద లంగా నాడా ఉంటుంది, వాటి పైనుంచి పైట మడతలు పోతాయి. కాబట్టి వడ్డాణం సరిగ్గా దోపిన చోట పెడితే ఒక కొలత వస్తుంది, ఒక అంగుళం పైకి పెడితే ఇంకో కొలత వస్తుంది. ముందు అది ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోండి. చాలామందికి కుచ్చిళ్లు దోపిన గీతకు కొంచెం పైన, బొడ్డు దగ్గర బాగుంటుంది. పొట్ట మీద ఒత్తిడి కూడా తక్కువ.

రెండేళ్ల తర్వాత మా అక్క బిడ్డ పెళ్లికి మాత్రం టేపును నమ్మలేదు. టేపు సన్నగా ఉంటుంది, కొంచెం లాగితే పట్టులోకి దిగిపోయి తక్కువ చూపిస్తుంది. వడ్డాణం వెడల్పుగా, గట్టిగా ఉంటుంది కాబట్టి అలా దిగదు. అందుకని మందపాటి చార్టు పేపరును రెండు అంగుళాల వెడల్పున కత్తిరించి, రెండు ముక్కలు అతికించి, ఒక పట్టీ చేశాం. పెళ్లిచీరే కట్టించి, అదే లంగా, అదే జాకెట్ వేయించి, పట్టీని నడుముకు చుట్టి వెనక పెన్సిల్‌తో గుర్తు పెట్టాం. నిలబడితే 30, అన్నం తిన్నాక పీట మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంటే 31 వచ్చింది. పేపరు పట్టీతో ఇంకొకటి తెలిసింది. నడుము కింది వైపు వెడల్పు పెరుగుతుంది కదా, పట్టీ కింది అంచు బిగుసుకుని పై అంచు లేచి నిలబడింది. గట్టి రేకు వడ్డాణమైతే అదే జరుగుతుంది, ఆ కింది అంచే గుచ్చుకుంటుంది. అందుకే మేం రెండు అంగుళాల డిజైన్ వదిలేసి అంగుళంపావు వెడల్పుది ఎంచుకున్నాం.

మన పెళ్లిళ్లలో అందరూ మరిచిపోయేది మధుపర్కాలు. తలంబ్రాలప్పుడు ఆ నూలుచీర కట్టిస్తే దానికి పట్టంత మందం ఉండదు. మా పిల్లకు ఆ చీరతో నిలబడితే 29 వచ్చింది. అంటే ఒకే వడ్డాణం 29 నుంచి 31 దాకా సరిపోవాలి. ఒకే అంకె పంపితే ఏదో ఒక చీర మీద అది జారుతుంది, లేదా బిగుస్తుంది.

మేం ముందు నుంచి పక్కల దాకా వచ్చే గట్టి భాగాన్ని 27 అంగుళాలు చేయించాం. మిగతాది వెనక గొలుసు. ఆ గొలుసును నాలుగున్నర అంగుళాల పొడవు పెట్టించి, మొదటి రింగు రెండు అంగుళాల దగ్గర, ఆ తర్వాత ప్రతి అర అంగుళానికి ఒక రింగు పెట్టించాం. అట్లా 29 నుంచి 31న్నర వరకు ఎక్కడైనా కొక్కెం తగిలించుకోవచ్చు. వెనక ఆ గొలుసు జడ కింద దాగిపోతుంది, ఎవరికీ కనపడదు. మీకూ ఇదే పద్ధతి చెప్తాను: పెద్ద కొలతకు కొంచెం ఎక్కువ, చిన్న కొలతకు సరిగ్గా, మధ్యలో రింగులు.

షాపులో అంకెతో పాటు ఆ పేపరు పట్టీ కూడా ఇచ్చి, ఇది లోపలి చుట్టుకొలత అని చెప్పండి. మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న వస్తువుకు బయటి చుట్టూ, లోపలి చుట్టూ దాదాపు ముప్పావు అంగుళం తేడా ఉంటుంది. తీసుకునేటప్పుడు అదే పట్టీని లోపల పెట్టి చూడండి.

ఇక వంకీ. దీన్ని భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో కొలవాలి, పెళ్లి జాకెట్ చేతి మీదనే. చేయి కిందికి వేలాడదీసి కొలిస్తే మోసపోతారు. తలంబ్రాలు పోస్తున్నట్టు రెండు చేతులూ పైకెత్తి, మోచెయ్యి వంచి చూడండి. మా పిల్లకు చేయి దించితే పదింపావు, ఎత్తితే పదకొండు వచ్చింది. మేం పదకొండే ఇచ్చాం. వెనక చిన్న గొలుసు గానీ, తిప్పే మర గానీ ఉన్న వంకీ అయితే ఇబ్బంది లేదు. పూర్తిగా గుండ్రంగా మూసి ఉన్నది మాత్రం తీసుకోకండి, మోచెయ్యి దాటి పైకి ఎక్కించేటప్పుడే జాకెట్ చేయి ముడుచుకుపోతుంది.

అట్లాగని బాగా వదులుగానూ వద్దు. జబ్బ మోచేతి వైపు సన్నబడుతుంది, వంకీ ఒకసారి జారడం మొదలైతే ఇంకా వదులై మోచెయ్యి దాకా వచ్చేస్తుంది. చేయి దించినప్పుడు కింద ఒక వేలు సులువుగా దూరాలి, రెండు వేళ్లు దూరితే వదులు. పెట్టుకుని పావుగంట ఉంచండి. వేళ్లు తిమ్మిరెక్కినా, తీశాక గీత చాలాసేపు పోకపోయినా బిగుతే. జాకెట్ చేతి మీద మగ్గం వర్క్ ఉంటే వంకీ వచ్చే చోట పూసలు లేకుండా రెండు అంగుళాలు ఖాళీ వదలమని ముందే చెప్పండి. మా పిల్ల జాకెట్‌కు ఇది ఆలస్యంగా తట్టింది, ఒక వరుస పూసలు విప్పించాల్సి వచ్చింది.

జాకెట్ ఇంకా కుట్టడానికి ఇవ్వకపోతే, అదే మందం, అదే లైనింగ్ ఉన్న పాత పట్టు జాకెట్ మీద కొలవండి. చీర కూడా అంతే, పెళ్లిచీర చేతికి రాకపోతే అమ్మ పెళ్లి పట్టుచీరైనా కట్టి చూడండి, సిల్కు డ్రెస్ మీద మాత్రం వద్దు.

నెల రోజులే ఉన్నాయి కాబట్టి ఒక్క మాట. తేడా వస్తే గొలుసుకు రింగు కలపడం, తీయడం అవుసులాయన ఒక్క పూటలో చేస్తాడు. లక్క నింపి రాళ్లు పొదిగిన రేకు భాగాన్ని మాత్రం వేడి పెట్టి అతికించడం కష్టం, లక్క కరిగి రాళ్లు కదులుతాయి. అందుకే సర్దుబాటు అంతా వెనక గొలుసులోనే ఉండేలా ఆర్డర్ రాయించుకోండి.