బాణలి కొలత మర్చిపోకు

చిట్టితల్లీ,

బీచ్ రోడ్డు హోటల్లో వంటాయన కార్డులను ఇంగ్లీషులోకి మార్చే పని నీకిచ్చారని అమ్మ ఫోనులో చెప్పింది. మొదటి కార్డు రొయ్యల ఇగురట కదా. సంతోషంతో పాటు భయమూ వేసింది. అదే వంట కార్డు నా చేతుల్లో చెడింది.

పదార్థాల పేర్లు నీకు తెలుసు. ఒక్క కారం దగ్గర ఆగు. చిల్లీ పౌడర్ అని రాస్తే అమెరికా వాళ్లు జీలకర్ర, వెల్లుల్లి కలిసిన మసాలా పొడి తీస్తారు. గ్రౌండ్ రెడ్ చిల్లీ అని రాయి. ‘రెండు చెంచాలు’ అని ఉంటే ఇంట్లో కూర్చుని ఊహించకు. కిచెన్లోకి వెళ్లి, ఆయన చెంచాతోనే ఆయన్నే తీయమని, తూచి గ్రాముల్లో రాసుకో. ఇంగ్లీషు నుంచి తెలుగుకు తెచ్చేటప్పుడు టీస్పూన్ 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూన్ 15 మిల్లీలీటర్లు. రెండింటినీ చెంచా అనేస్తే ఉప్పు మూడింతలవుతుంది.

ఇక నా సంగతి. నేను హోటల్లో ఉన్న రోజుల్లో ఒక విదేశీ వంటాయన మా ఇగురు తిని, మరుసటి వారం విందులో తనే వండి పెడతానన్నాడు. మా వంటాయన చెప్తుంటే నేను కౌంటర్ దగ్గర నిలబడి పావుగంటలో రాసిచ్చాను. కిలో రొయ్యలు, అరకిలో ఉల్లిపాయలు, అన్నీ సరిగ్గా తూచినవే. కింద మాత్రం ‘పాన్‌లో పది నిమిషాలు, ఆయిల్ సెపరేట్ అయ్యే వరకు’ అని రాశాను. తెలుగులో ‘పెద్ద బాణలిలో, నూనె తేలే వరకు’ అనే ఉంది. తప్పేముందనుకున్నాను.

విందు రోజు ఆ విదేశీ వంటాయన పక్కనే నిలబడ్డాను. 8 అంగుళాల వెడల్పున్న లోతైన గిన్నె పెట్టాడు. ఉల్లిపాయలు ఒకదానిమీద ఒకటి పేరుకుని, వేగకుండా తమ నీళ్లలోనే ఉడికాయి. పది నిమిషాలకు అంచున నాలుగు నూనె చుక్కలు మెరిశాయి. ఆయన కంగారుపడి చల్లనీళ్లు పోసి గబగబా తిప్పేశాడు. వాళ్ల సాసుల్లో నూనె విడిపోయిందంటే సాసు విరిగిపోయినట్టు! మనం దేనికోసం ఎదురుచూస్తామో, దాన్ని ఆయన ప్రమాదం అనుకున్నాడు. ఆపైన రొయ్యలు వేశాడు, అవీ నీళ్లు వదిలాయి. ఆ ఇరుకు గిన్నెలో నీరు ఇగరదు కదా. ఇరవై నిమిషాలు మరిగించాడు. రొయ్యలు ఉంగరాల్లా ముడుచుకుని రబ్బరైపోయాయి, మసాలా మాత్రం పచ్చివాసనే. ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. ఆ కార్డు మీద ఉన్నది నా చేతిరాత.

ఆ రాత్రే తిరగరాశాను. ‘బాణలి పైన 12 అంగుళాల వెడల్పు. సన్న సెగ మీద వేయించండి. గరిటెతో మసాలాను పక్కకు తోస్తే అడుగు కనబడాలి. ఆ ఖాళీలోకి నీరు కాదు, నూనె మెల్లగా జారాలి. పచ్చివాసన పోవాలి. ఇది విరగడం కాదు, ఇలాగే కావాలి. సుమారు 15 నిమిషాలు. తర్వాత రొయ్యలు. ఇంగ్లీషు సి అక్షరంలా వంగగానే దించండి, ఓ లా చుట్టుకుంటే ఆలస్యమైనట్టు.’ నిమిషాల్ని ఆనవాలు తర్వాతే రాశాను. పొయ్యి మారితే నిమిషాలు మారతాయి, ఆనవాలు మారదు.

12 అంగుళాల బాణలి లేదని ఎవరైనా అడిగితే? 8 అంగుళాలదైతే వెడల్పుని వెడల్పుతో గుణించు: 64. పెద్దదానికి 144. అంటే సగానికి తక్కువ. కిలో బదులు 450 గ్రాముల రొయ్యలు పెట్టమని, మిగతావీ అదే లెక్కన తగ్గించమని రాయి. మసాలా మందం అంతే ఉంటుంది కాబట్టి సమయం పెద్దగా మారదు. కిలో మొత్తం కావాలంటే మూడు విడతలు చేయమను.

ఇంట్లో కూర్చుని డిక్షనరీ ముందు పెట్టుకుని రాసేస్తావేమో అని నాకు టెన్షన్. అలా చేశావో, నేనే హోటలుకొచ్చి నీ చేతిలో కాగితం లాక్కుంటాను. వంటాయన పొయ్యి దగ్గర ఒక పూట నిలబడు. ఆయన ‘ఇప్పుడు’ అన్నప్పుడు బాణలిలో ఏం కనిపిస్తోంది, ఏ చప్పుడు ఆగింది, అడుగు, రాసుకో. చేతులు కాల్చుకోకమ్మా, నూనె చిమ్ముతుంది.

ఆదివారం ఫిషింగ్ హార్బర్ నుంచి రొయ్యలు తెస్తాను. నీ కార్డు పట్టుకురా. తెలుగు వైపు చూడను, నువ్వు రాసిన ఇంగ్లీషు చూసే వండుతాను. కొలత టేపు కూడా తెచ్చుకో.

మీ పెద్ద మావయ్య