సమాధానం: షార్ట్‌కీ, పెద్ద వీడియోకీ ఒకే వివరణ పెడితే

"అన్నా, కాళహస్తి కలంకారీ మీద 14 నిమిషాల వీడియో, అందులోంచే 40 సెకన్ల షార్ట్ పెట్టినా. రెండిటికీ టైటిల్, వివరణ, ట్యాగులు ఒకటే. షార్ట్ చూస్తున్నారు, పెద్దదాని దగ్గరికి ఒక్కరూ రావడంలేదు."

తమ్ముడూ, షార్ట్ వివరణలో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. 2023 ఆగస్టు 31 నుంచి యూట్యూబ్ వాటిని ఆపేసింది. దారి ఇదీ: కంప్యూటర్లో యూట్యూబ్ స్టూడియో తెరిచి, ఆ షార్ట్ వివరాల్లో `Related video` దగ్గర పెద్ద వీడియోను ఎంచుకో. షార్ట్ మీదే దాని పేరు నొక్కేలా కనబడుతుంది. ఆ గడి పనిచేయకపోతే `Settings`లో `Feature eligibility` చూడు.

షార్ట్‌ను జనం వేలితో తోసుకుంటూ పోతారు, థంబ్‌నెయిల్ చూసి ఎంచుకోరు. కాబట్టి అక్కడ టైటిల్ పొట్టిగా, మొదటి మాటల్లోనే విషయం తగలాలి: "పాలలో నానబెట్టిన గుడ్డ ఎందుకు?" అంటే చాలు.

పెద్దదానికి థంబ్‌నెయిల్, టైటిల్ రెండూ ప్రాణం. ఆ తర్వాత వివరణ. మొదటి రెండు లైన్లలో "శ్రీకాళహస్తి కలంకారీ" అని వెతికేవాళ్ల మాట రాయి, కింద అధ్యాయాలు పెట్టు:

```
00:00 కరక్కాయ, పాలలో గుడ్డ
03:20 బెల్లం, ఇనుముతో నలుపు
08:45 కలంతో గీత
```

మొదటిది `00:00` కావాలి, కనీసం మూడుండాలి, ఒక్కోటి 10 సెకన్లకు తగ్గకూడదు. ఏది తప్పినా అధ్యాయాలు రావు. అప్పుడు ప్లేయర్ గీత ముక్కలు కాకుండా ఒకటిగానే ఉంటుంది, చూస్తే తెలిసిపోతుంది.

ట్యాగుల మీద రాత్రిళ్లు కూర్చోవద్దు. "కలంకారి", "కళంకారి" లాంటి స్పెల్లింగు తేడాలకు తప్ప అవి పెద్దగా పనికిరావు.