ఒకే బాండుకు మూడు శాతాలు: ఏది వడ్డీ, ఏది రాబడి?

సందేహం: "మా నాన్నగారి రిటైర్మెంట్ డబ్బులో కొంత బాండ్లలో పెడదామని విజయవాడలో ఒక బ్రోకరును కలిశాం. వెయ్యి రూపాయల బాండు, ఏడాదికోసారి వడ్డీ, ఇంకా మూడేళ్ల గడువు, ధర 1,052 రూపాయల 49 పైసలు అన్నారు. దాని పక్కన 9, 8.55, 7 అని మూడు శాతాలు రాసిచ్చారు. తెలుగులో మూడింటినీ 'వడ్డీ రేటు' అనే రాస్తున్నారు. అలా రాయొచ్చా? అసలు మూడు ఎందుకున్నాయి?"
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: రాయకూడదు. మూడింటిలో 9 ఒక్కటే వడ్డీ రేటు. 8.55, 7 రెండూ రాబడి రేట్లు. వడ్డీ అనేది బాండు ఇచ్చిన సంస్థ కాగితం మీద ఒప్పుకున్న మాట. రాబడి అనేది ఆ కాగితాన్ని మీరు ఎంతకు కొన్నారన్నదాన్ని బట్టి తేలే లెక్క.

మన ఊళ్లలో 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకు రెండు అని అందరికీ తెలుసు. దేని మీద అని ఎవరూ అడగరు. ఇచ్చిన డబ్బూ, ప్రోనోటు మీద రాసిన అంకే, చివర్లో తిరిగొచ్చే అసలూ ఒకటే కాబట్టి ఆ ప్రశ్న రాదు. అదే నోటును మధ్యలో ఇంకొకరు ఎక్కువ ధర పెట్టి తమ పేరున మార్పించుకున్నారనుకోండి. అప్పుడు రాసిన అంకె వేరు, పెట్టిన డబ్బు వేరు. మీ బాండు విషయంలో జరుగుతున్నది ఇదే.

బాండు మీద రాసిన వెయ్యి రూపాయలను ముఖ విలువ అంటారు. దాని మీద 9 శాతం, అంటే ఏటా 90 రూపాయలు. ఇది కూపన్ రేటు. వెనకటి బాండ్లకు అంచున చిన్న చీటీలు ఉండేవి. గడువు వచ్చినప్పుడల్లా ఒక చీటీ కత్తిరించి ఇచ్చి వడ్డీ తీసుకునేవారు. ఆ చీటీ పేరే కూపన్. తెలుగులో 'కూపన్ వడ్డీ' అన్నా తప్పులేదు. 2018లో అమరావతి బాండ్లు 10.32 శాతానికి వచ్చాయని చదివాం కదా, ఆ 10.32 ఈ రకం అంకే. ప్రభుత్వ బాండ్ల పేర్లలో ముందుండే శాతం కూడా ఇదే. మామూలు బాండుకు ఇది చివరిదాకా మారదు.

మారేది ధర. మీ బాండులాంటి భద్రతా, గడువూ ఉన్న కొత్త బాండ్లు ఇప్పుడు 7 శాతానికే వస్తుంటే, 9 ఇచ్చే పాతదాన్ని వెయ్యికి ఎవరూ అమ్మరు. కొనేవాళ్లు పోటీ పడి, దాని మీద కూడా 7 మాత్రమే మిగిలేదాకా ధర పెంచుతారు. 1,052.49 అలా వచ్చిన ధర.

ఇప్పుడు ఏటా వచ్చే 90ని మీరు పెట్టిన 1,052.49తో భాగిస్తే 8.55 శాతం. ఇది ప్రస్తుత రాబడి. ఈ ఏడాది చేతికొచ్చే నగదు ఎంత అన్నంతవరకు ఇది సరైన లెక్కే. కానీ మూడేళ్ల తర్వాత మీకు తిరిగొచ్చేది వెయ్యి మాత్రమే. ఆ పోయే 52.49 ఈ లెక్కలో ఎక్కడా కనపడదు. రిటైరైనవాళ్లకు ఈ అంకె చూపించి అమ్మడం నాకు నచ్చదు. వాళ్లు 'ఏటా చేతికి ఎంతొస్తుంది' అనే ముందుగా అడుగుతారు, ఈ అంకె దానికి మాత్రమే జవాబు చెబుతుంది.

ఆ 52.49ని కూడా కలుపుకునేది మూడోది. దాన్ని ఈల్డ్ టు మెచ్యూరిటీ అంటారు, పొట్టిగా వైటీఎం. 'గడువు రాబడి' అంటే తెలుగులో చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం. మీ బాండునే ఏడాది ఏడాదికి చూద్దాం. మొదటి ఏడాది 1,052.49 మీద 7 శాతం చొప్పున మీ సంపాదన 73.67. చేతికి వచ్చింది 90. తేడా 16.33 మీ సొంత అసలే, ముందుగా తిరిగొచ్చింది. కాబట్టి రెండో ఏడు మొదట్లో మీ డబ్బు అందులో ఉన్నది 1,036.16. దాని మీద సంపాదన 72.53, అసలు వాపసు 17.47. మూడో ఏడు మొదట్లో ఉన్నది 1,018.69, సంపాదన 71.31, వాపసు 18.69. మిగిలింది సరిగ్గా వెయ్యి. అది గడువు రోజున వస్తుంది. మూడేళ్లలో వాపసు వచ్చిన ముక్కలు మూడూ కూడితే 52.49. ఇంత చక్కగా సరిపోయే రేటు 7 ఒక్కటే. వేరే ఏ శాతం వేసినా చివర్లో వెయ్యి మిగలదు.

కంప్యూటర్‌లో ఎక్సెల్ ఉంటే మీరే సరిచూసుకోవచ్చు. మూడేళ్లు, ఏటా 90, పెట్టింది 1,052.49, చివర్లో వెయ్యి:

```
=RATE(3,90,-1052.49,1000)
```

వడ్డీ ఆరునెలలకోసారి వచ్చే బాండుకు ఇది నేరుగా పనికిరాదు.

మార్కెట్ తిరగబడితే వరుస కూడా తిరగబడుతుంది. కొత్త బాండ్లు 11 శాతానికి వస్తుంటే మీ బాండు ధర 951.13కి పడుతుంది. అప్పుడు కూపన్ 9, ప్రస్తుత రాబడి 9.46, గడువు రాబడి 11. వెయ్యికే కొంటే మూడూ 9. అందుకే 'ప్రభుత్వ బాండ్ల ఈల్డ్ పెరిగింది' అన్న వార్తను 'ప్రభుత్వం ఇచ్చే వడ్డీ పెరిగింది' అని తిరగరాస్తే తప్పు వార్త అవుతుంది. పాత బాండ్ల మీద ఇచ్చే వడ్డీ అక్కడే ఉంది. వాటి ధర తగ్గింది, ఇప్పుడు కొనేవాళ్లకు రాబడి పెరిగింది, అప్పటికే చేతిలో ఉన్నవాళ్లకు విలువ తగ్గింది.

గడువు రాబడిని కూడా హామీగా చదవకూడదు. మూడేళ్లూ అమ్మకుండా ఉంచుకోవాలి, సంస్థ ప్రతి వాయిదా చెల్లించాలి. మీ 1,052.49 ఏటా 7 చొప్పున పెరిగి మూడేళ్లకు 1,289.34 కావాలంటే, మధ్యలో వచ్చిన 90లను కూడా అదే 7 శాతానికి మళ్లీ పెట్టాలి. బీరువాలో దాచితే చేతిలో ఉండేది 1,270. నాన్నగారు ఆ 90లను ఖర్చులకు వాడుకుంటారు కాబట్టి, అందులో మొదటి ఏడాది 73 రూపాయల చిల్లరే సంపాదన అనీ, మిగతాది అసలు తరుగుదల అనీ ఆయనకు చెప్పండి. ఆదాయపు పన్ను మాత్రం 90 మొత్తాన్నీ వడ్డీగానే లెక్కిస్తుంది.

బ్రోకరును ఇంకొక్కటి అడగండి. కొన్ని బాండ్లను గడువుకు ముందే వెనక్కి తీసుకునే హక్కు సంస్థకు ఉంటుంది. దాన్ని కాల్ అంటారు. ఎక్కువగా వడ్డీలు తగ్గినప్పుడే సంస్థలు దాన్ని వాడతాయి, అంటే మీరు ఎక్కువ ధర పెట్టిన సమయంలోనే. ఏడాదికే వెయ్యి రూపాయలు ఇచ్చి తీర్చేస్తే మీకు 1,052.49కి వచ్చేది 1,090. రాబడి 3.56 శాతం. కాల్ తేదీ ఉందని చెబితే, ఆ తేదీ వరకు లెక్కవేసిన రాబడిని కూడా ఆ మూడు అంకెల కిందే రాయించుకోండి.