‘ఈఓడీ’ అంటే ఏ ఊరి సాయంత్రం?

ప్రశ్న: నల్లగొండలో ఇంటి నుంచే డల్లాస్ బృందంతో పనిచేస్తున్నాను. వాట్సాప్‌లో వీలైనంత త్వరగా అనడానికి ‘ఏఎస్‌ఏపీ’, రోజు ముగిసేలోపు అనడానికి ‘ఈఓడీ’ అని పెడితే గందరగోళమవుతోంది. బదులుగా ఏం రాయాలి?

జవాబు: వారం, తేదీ, గంట, అది ఏ ఊరి గంట అన్నది రాయండి. శుక్రవారం ‘ఈఓడీ’ అంటే మీకు సాయంత్రం ఆరు కావచ్చు. డల్లాస్ వాళ్ల సాయంత్రం ఐదు మాత్రం మనకు శనివారం తెల్లవారుజాము. నేనూ ఒకసారి ఇలాగే శుక్రవారం రాత్రి పదింటి దాకా ఫైలు కోసం కాచుకుని కూర్చున్నాను. అవతల వాళ్లు అప్పటికి మధ్యాహ్న భోజనం కూడా చేయలేదు.

ఇలా పెట్టండి: “రిపోర్టు 2026 అక్టోబరు 30, శుక్రవారం, డల్లాస్ సమయం సాయంత్రం 5 లోపు కావాలి. మనకు 31, శనివారం తెల్లవారుజామున 3:30.”

తర్వాతి శుక్రవారానికి ఇదే మెసేజ్ కాపీ చేసి తేదీలు మార్చితే చాలదు. నవంబరు 1న అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, మనవి జరగవు. అప్పుడు అదే ఐదు మనకు 4:30 అవుతుంది. అందుకే ఊరి పేరు రాయడం మేలు. ‘ఐఎస్‌టీ’ అని కూడా వద్దు, ఐర్లాండ్, ఇజ్రాయెల్ వాళ్లకూ అదే పొట్టిపేరు.

‘శుక్రవారం రాత్రి 12’ అనీ రాయకండి. అది ఏ రోజుదో ఇద్దరికీ తేలదు, 11:59 అనండి.