బైక్ యాక్సిడెంట్ తర్వాత చెయ్యి లేవకపోతే నరం ఆపరేషన్‌కి ఎన్నాళ్ళు ఆగాలి?

"తమ్ముడికి బైక్ యాక్సిడెంట్ అయి నాలుగు నెలలు. భుజం లేవదు, మోచెయ్యి మడవలేడు, వేళ్ళు మాత్రం బాగానే ఆడుతున్నాయి. ఒక డాక్టర్ ఏడాది ఆగమంటున్నారు, ఇంకొకరు ఇప్పుడే నరం ఆపరేషన్ చేయాలంటున్నారు. బెంగళూరులోనే ఉంటాం. ఎవరి మాట వినాలి?"

నాదీ అచ్చం ఇదే కథ. హెబ్బాళ దగ్గర బండి జారి కుడి భుజం మీద పడ్డాను. ఎముక విరగలేదు కానీ, మెడ నుంచి చేతికి వచ్చే నరాల్లో పై రెండూ, అంటే సి5, సి6, సాగిపోయాయి. మొదట చూసిన డాక్టర్ కూడా "నరం కదా, నెమ్మదిగా వస్తుంది, ఏడాది చూద్దాం" అన్నారు. అయిదో రోజునే నర్వ్ కండక్షన్ టెస్టు చేయించి, కింది నరంలో కరెంట్ బాగానే పారుతోందని ధైర్యం చెప్పారు. కానీ నరం తెగినా కింది ముక్కలో వారం దాకా కరెంట్ పారుతుందట. కండరంలో సూది పెట్టి చేసే ఈఎంజీ కూడా మూడు వారాలు దాటితేగానీ నమ్మదగింది కాదు. ఇది నాకు మూడు నెలల తర్వాత, రెండో సర్జన్ చెబితే తెలిసింది.

నరం దెబ్బకి అయిదు మెట్లున్నాయి. మొదటి మెట్టులో నరం సొమ్మసిల్లుతుందంతే, ఎక్కువగా మూడు నెలల్లోపే తేరుకుంటుంది. రెండో మెట్టులో లోపలి పోగులు తెగుతాయి కానీ వాటి చుట్టూ ఉండే గొట్టం బాగుంటుంది కాబట్టి, రోజుకి దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరుగుతాయి. మూడో మెట్టులో లోపల కొంత మచ్చ కట్టి, సగం సగం కోలుకుంటుంది. నాలుగో మెట్టులో నరం పైకి అతుక్కునే ఉంటుంది కానీ లోపలంతా మచ్చే, పోగు దాటలేదు. అయిదు అంటే తెగిపోయినట్టే. ఈ చివరి రెండూ ఎన్నాళ్ళు ఆగినా వాటంతటవి బాగుపడవు. చిక్కేమిటంటే, మొదటి రోజున అయిదూ ఒకేలా కనిపిస్తాయి, చెయ్యి వేలాడుతూ ఉంటుంది. అందుకే చర్మం తెగని ఇలాంటి దెబ్బలో మూడు నెలలు ఆగి చూస్తారు. గాజో కత్తో కోసుకుంటే మాత్రం ఆగరు, కొద్ది రోజుల్లోనే కుట్టేస్తారు.

ఆ సర్జన్ నా కాలర్ ఎముక పైన వేలితో తట్టగానే బొటనవేలి దాకా జివ్వుమని కరెంట్ కొట్టింది. అక్కడ పెన్నుతో గుర్తు పెట్టి, ఇంటి దగ్గర రోజూ దాన్ని దిద్దుకోమన్నారు. నరం పెరుగుతుంటే ఆ జివ్వుమనే చోటు నెలకి రెండున్నర, మూడు సెంటీమీటర్లు కిందికి దిగాలి. నెల తర్వాత తడితే అక్కడే ఉంది. ఈఎంజీలోనూ బైసెప్స్‌కి కొత్త పోగు చేరిన జాడ లేదు.

అప్పుడాయన నా చేతి మీద టేపు పెట్టి లెక్క చెప్పారు. మెడ దగ్గర దెబ్బ నుంచి బైసెప్స్‌కి దాదాపు 25 సెంటీమీటర్లు, అంటే 250 రోజులు. మొదలవడానికి ఇంకో నెల. నాలుగో నెలలో మెడ దగ్గర నరం అతికినా పోగు చేరేసరికి పదమూడో నెల. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నరకి కొవ్వుగా, మచ్చగా మారిపోతుంది, తర్వాత పోగు చేరినా లేవదు. ఏడాది ఆగి మొదలుపెడితే ఇరవై రెండో నెల అవుతుంది. ఆ మాటతోనే నా సందేహం తీరిపోయింది.

అందుకే దారి తగ్గించారు. చిటికెన వేలి వైపు వెళ్ళే, బాగా పనిచేస్తున్న అల్నార్ నరంలోంచి ఒక చిన్న పాయ తీసి, పై చేతిలోనే బైసెప్స్ కొమ్మకి కుట్టారు. ఓబర్లిన్ పద్ధతి అంటారు, 1994లో వచ్చింది. భుజానికి వేరే రెండు నరాలు మళ్ళించారు. నాకిది నాలుగున్నర నెలలప్పుడు జరిగింది. చిటికెన వేలు కొన్ని వారాలు మొద్దుబారింది, పిడికిలి పట్టు మాత్రం తగ్గలేదు.

ఆపరేషన్ అయిన అయిదో నెలలో, కాఫీ గ్లాసు గట్టిగా పట్టుకుంటే బైసెప్స్ చిన్నగా ఎగిరింది. అమ్మ చూసి, "అదేంట్రా, ఏదో కదిలింది!" అంది. అల్నార్ పాయ కదా, మొదట్లో పిడికిలి బిగిస్తేనే మోచెయ్యి మడుస్తుంది, తర్వాత మెదడు అలవాటు పడుతుంది. ఇప్పుడు రెండు కిలోల బియ్యం సంచి ఎత్తుతాను. భుజం మాత్రం తలదాకా రాదు, పై అరలోది అందుకోవాలంటే ఎడమ చెయ్యే.

మీ తమ్ముడికి వేళ్ళు ఆడుతున్నాయంటే ఇచ్చే నరం ఉన్నట్టే. ఈ వారమే ఈఎంజీ మళ్ళీ చేయించండి. మోచేతిని బల్ల మీద ఆనించి, బరువు లేకుండా మడవమని చూడండి. బైసెప్స్ లవలేశమైనా కదిలితే, ఆ సంగతి సర్జన్‌కి చెప్పండి, ఆగడానికి అది మంచి కారణమే. ఏమీ కదలకుండా, జివ్వుమనే చోటు కూడా కిందికి దిగకపోతే, ఆపరేషన్‌ని ఆరో నెల దాటనివ్వకండి. అప్పటిదాకా భుజం బిగుసుకోకుండా ఫిజియోథెరపీ ఆపొద్దు, కీలు పట్టేస్తే నరం వచ్చినా చెయ్యి లేవదు.